పదకొండు పేజీల మిరపకాయలు

సస్పెన్స్ అంటే నాకు పడదు. సినిమాకి వెళ్లినా చివర్లో ఎవరు చస్తారో పక్కవాణ్ణి ముందే అడిగేసి, ఆ తర్వాత ప్రశాంతంగా పల్లీలు తింటాను. అందుకని ఇదీ ముందే చెప్పేస్తాను. ఆ పేపరు మాకు పంపినాయన వినుకొండ వైపు ఒక ఊళ్లో మిరపకాయలు నింపే ముఠాకి మేస్త్రీ. కల్లంలో ఎండిన కాయల్ని గోనె టిక్కీల్లో పోసి, ఒక మనిషి అందులో దిగి తొక్కి, కుట్టి, లారీకెత్తడం వాళ్ల పని. వాళ్లు నింపిన సరుకొకటి బూజు పట్టిందని గుంటూరు నుంచి వెనక్కి వచ్చింది. "మీ ముఠా నీళ్లు చల్లబట్టే ఇలా అయింది" అన్నాడు వ్యాపారి. సరుకు తాలూకు రైతు తలూపాడు. శుక్రవారం అందరూ కూర్చుని ఆ ముఠాని ఇక ఊరి కల్లాల్లోకి రానివ్వాలా వద్దా తేల్చుకుందామనుకున్నారు. ముఠాలో ఆడామగా కలిపి పన్నెండు మంది. సీజనంతా వాళ్లకి ఉన్న పని అదొక్కటే. వ్యాపారి చేతిలో ఉన్న సాక్ష్యం ఆ పేపరే, ఒక ఇంగ్లీషు పరిశోధన పత్రం.

ఇదంతా మాకు తర్వాతి వారం తెలిసింది. బుధవారం పొద్దున మాకు తెలిసిందల్లా ఒక పీడీఎఫ్ వచ్చిందని, దాని కింద 'సారాంశం తెలుగులో పంపగలరు' అని ఉందని.

మేమంటే గుంటూరులో ఒక పురుగుమందుల కొట్టు పైన, మొదటి అంతస్తులో నడిచే రైతు సమాచార కేంద్రం. ఊళ్లలో అక్కడక్కడా ఇంటర్నెట్ కియోస్కులు పెట్టారు. రైతు అక్కడికి వెళ్లి ప్రశ్న చెబితే కియోస్కువాళ్లు కంప్యూటర్లో ఎక్కిస్తారు, మేం జవాబు రాస్తాం, వాళ్లు ప్రింటు తీసి ఇస్తారు. కాగితాలుంటే వాటినీ ఎక్కించవచ్చు. ఊళ్లోకి విజ్ఞానం ప్రవహిస్తుందని ప్రారంభోత్సవంలో చెప్పారు. ప్రవహించడం మాట నిజమే. టెలిఫోన్ తీగ మీద ఒక పీడీఎఫ్ దిగడానికి పట్టే సమయంలో మేం కిందకెళ్లి టీ తాగి, కొట్టాయనతో తెల్లదోమ గురించి మాట్లాడి, మళ్లీ పైకొస్తే అది ఇంకా సగంలోనే ప్రవహిస్తూ ఉండేది.

కేంద్రంలో ముగ్గురం. సార్ వ్యవసాయ శాఖలో రిటైరై ఇక్కడికి వచ్చారు. ఆయన దగ్గర నలభై ఏళ్ల అనుభవమూ, నలభై ఏళ్ల సర్క్యులర్ల భాషా ఉన్నాయి. మేడం మొక్కల తెగుళ్లలో పెద్ద చదువు చదివింది. ఏదడిగినా "చూసి చెబుతాను" అంటుంది, అన్నట్టే నిజంగా చూస్తుంది. అంత వింత అలవాటున్న మనిషిని ఆ వయసు వరకు నేను చూడలేదు. మూడోవాణ్ణి నేను. వ్యవసాయ డిగ్రీ అత్తెసరు మార్కులతో పాసై, ఇంగ్లీషుని తెలుగులోకి దించుతాడన్న పేరు మీద ఉద్యోగం సంపాదించినవాణ్ణి.

పీడీఎఫ్ తో పాటు వచ్చే ఫారంలో 'మీరు ఎవరు' అనే గడి ఉంటుంది. రైతు, విద్యార్థి, వ్యాపారి, అధికారి, ఇతరులు అని అందులో ఏదో ఒకటి ఎంచుకోవాలి. 'ఎందుకు కావాలి' అనే గడి ఇంకొకటి. రెండింటి పక్కనా తప్పనిసరి అని చెప్పే ఎర్ర చుక్క లేదు. చుక్క లేని గడి నింపడం అధర్మమని మా కియోస్కులన్నిటికీ గట్టి నమ్మకం. కాబట్టి రెండూ ఖాళీ. పేరుండాల్సిన చోట కియోస్కు నడిపే అమ్మాయి పేరే ఉంది.

ఆ రోజు మేడం చీరాల వైపు పొలాలు చూడ్డానికి వెళ్లింది. గదిలో సారూ నేనూ ఉన్నాం. పీడీఎఫ్ తెరిచాను. పదకొండు పేజీలు. ఎండుమిరపకాయలు నిల్వ చేసేటప్పుడు తేమ, బూజు, బూజు వల్ల పుట్టే విషం. ఇదీ విషయం.

సార్ కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగారు.

"ఏవయ్యా, ఇది రైతు పంపింది కాదు."

"ఎందుకు సార్?"

"రైతుకి పీడీఎఫ్ ఎక్కడిదయ్యా? ఇంగ్లీషు పేపరు, పైగా పంపినవాడి పేరు లేదు, ఎందుకో చెప్పలేదు. మనకి పరీక్ష పెడుతున్నారు. హైదరాబాదు వాళ్లు."

హైదరాబాదు వాళ్లంటే మాకు నిధులిచ్చేవాళ్లు. వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు మారువేషంలో తనిఖీకి వస్తారని సార్ నమ్మకం. అంతకు ముందు నెలలో, కింది కొట్టుకి జింకు సల్ఫేటు కోసం వచ్చిన ఒక పంచె కట్టు పెద్దాయనకి సార్ మెట్ల మీద ఎదురెళ్లి కాఫీ ఇప్పించారు. ఆయన కాఫీ తాగి, జింకు సల్ఫేటు కొనుక్కుని వెళ్లిపోయాడు. దాన్ని కూడా సార్ తనిఖీలో భాగంగానే లెక్కేశారు.

"కాదు సార్. ఎవరో కాలేజీ కుర్రాడు. రేపు క్లాసులో చెప్పాలి, ఇంగ్లీషు అర్థం కాలేదు, మన మీదకి తోశాడు. నేను చదువుకునేటప్పుడు ఇలాంటి సౌకర్యం లేక ఎంత నష్టపోయానో."

"కుర్రాడైనా హైదరాబాదైనా, పైన నాలుగు మాటలు గట్టిగా ఉండాలి. రాసుకో. 'ఆంధ్రదేశానికి తలమానికమైన మిరప సాగులో'..."

సార్ చెప్పారు, నేను టైపు చేశాను. తలమానికం, రైతు సోదరులు, శాస్త్ర సాంకేతిక ఫలాలు, అన్నీ వచ్చాయి. మిరపకాయ ఒక్కటి రావడానికి మూడో పేరా పట్టింది. అక్కడి నుంచి కలం నాకొచ్చింది.

నేను ఆ సారాంశం ఎలా రాశానో చెప్పాలి. ప్రతి పరిశోధన పత్రానికీ మొదట్లో వాళ్లే రాసుకున్న చిన్న సంగ్రహం ఒకటి ఉంటుంది. మొత్తం చదివే ఓపిక లేనివాళ్ల కోసం రాసింది అది. నా కోసమే రాశారని నేను అర్థం చేసుకున్నాను. అందులో ఉన్నదిది: నింపేముందు నీళ్లు చల్లిన కాయల్లో బూజు ఎక్కువగా కనిపించింది, నిల్వలో జాగ్రత్త అవసరం. నేను రాసినదిది: 'టిక్కీలకెత్తే ముందు నీళ్లు చల్లడం వల్లే బూజు భారీగా వస్తుందని శాస్త్రవేత్తలు నిరూపించారు.'

'వల్లే', 'భారీగా', 'నిరూపించారు'. ఈ మూడూ నా సొంత పంట. కాలేజీ కుర్రాడికి క్లాసులో ధైర్యంగా చెప్పుకోవడానికి పనికొస్తాయని వేశాను. నలభై నిమిషాల్లో పని అయిపోయింది. సార్ చదివి "బాగుందయ్యా, గంభీరంగా ఉంది" అన్నారు. పంపేశాం. తర్వాత నేను కిందకెళ్లి ఒక బజ్జీ తిన్నాను. ఆ బజ్జీ నాకిప్పటికీ గుర్తుంది. అంత తేలికైన మనసుతో నేను తిన్న ఆఖరి బజ్జీ అది.

గురువారం పొద్దున మేడం వచ్చింది. వచ్చిన పేపర్లూ వెళ్లిన జవాబులూ వరసగా తిరగేయడం ఆమె అలవాటు. తిరగేస్తూ ఒక చోట ఆగింది.

"ఈ మిరపకాయల పేపరు చదివావా?"

"చదివాను మేడం."

"ఎంతవరకు?"

"ముఖ్యమైనంతవరకు."

"అంటే?"

"మొదటి పేజీ."

ఆమె తిట్టినా బాగుండేది. కుర్చీ లాక్కుని పీడీఎఫ్ తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. పదకొండు పేజీలూ. నడుమ ఒకసారి వెనక్కి వెళ్లి ప్రయోగం ఎలా చేశారో ఉన్న భాగం మళ్లీ చదివింది. సార్ దినపత్రిక చదువుతున్నట్టు నటిస్తూ దాని అంచు మీదుగా ఆమెని చూస్తున్నారు. నేను స్టేప్లర్లో పిన్నులు నింపాను. నిండిన స్టేప్లర్ని ఖాళీ చేసి మళ్లీ నింపాను.

ఏడో పేజీ దగ్గర నన్ను పిలిచింది.

"ఈ పట్టిక చూడు."

పట్టికలో నాలుగు వరసలున్నాయి. వాళ్లు కాయల్ని నాలుగు కుప్పలు చేశారు. టార్పాలిన్ మీద ఎండబెట్టి నీళ్లు చల్లనివి. టార్పాలిన్ మీద ఎండబెట్టి నీళ్లు చల్లినవి. కటిక నేల మీద ఎండబెట్టి నీళ్లు చల్లనివి. నేల మీద ఎండబెట్టి నీళ్లు చల్లినవి. సంగ్రహంలో నీళ్ల సంగతొక్కటే ఉంది. పట్టికలో నేల సంగతి కూడా ఉంది.

"మూడో వరస చూడు. చుక్క నీళ్లు చల్లలేదు. అయినా టార్పాలిన్ మీద ఎండినవాటి కన్నా బూజు ఎక్కువ. అంటే కొంత బూజు కల్లంలోనే మొదలైంది, టిక్కీలోకి ఎక్కకముందే."

"అయితే నీళ్లది తప్పు లేదన్నమాట!" అన్నాను. ఒక్క క్షణంలో నేను ఈ చివర నుంచి ఆ చివరకి దూకేశాను. తప్పు దిద్దుకోవాలంటే ఎదురు వైపు పరిగెత్తాలని నా అభిప్రాయం.

"రెండో వరస?"

రెండో వరసలో టార్పాలిన్ మీద శుభ్రంగా ఎండినవాటికి నీళ్లు చల్లితే వాటికీ బూజు పెరిగింది. నాలుగోదాంట్లో అన్నిటికన్నా ఎక్కువ.

"రెండూ లెక్కలోకి వస్తాయి. నీళ్లూ, నేలా. ఒక్కదాని 'వల్లే' అని వాళ్లనలేదు. 'భారీగా' అని ఎక్కడుంది?"

ఇంగ్లీషులో ఉన్న 'సిగ్నిఫికెంట్' అనే మాట చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ తేడా ఏదో అలా కలిసొచ్చింది కాదు, లెక్క కట్టినా నిలబడుతుంది అని దానర్థం. తేడా చిన్నదైనా ఆ మాట వాడతారు. పెద్దదని కాదు. ఇక 'నిరూపించారు' సంగతి. ఒక్క సీజను, ఒక్క చోట, ఒక షెడ్డులో చేశారు. కోల్డ్ స్టోరేజీలో చూడలేదని వాళ్లే పదో పేజీలో రాసుకున్నారు. వాళ్లకి లేని ధైర్యం నీకెక్కడిది?"

"కాలేజీ కుర్రాడి కోసం తెచ్చుకున్నాను మేడం."

"కాలేజీ కుర్రాడని ఎవరు చెప్పారు?"

సార్ దినపత్రిక దించారు. "కుర్రాడు కాదమ్మా. హైదరాబాదు."

మేడం మా ఇద్దరి వంకా చూసి కియోస్కుకి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది. అవతల నుంచి ఆ అమ్మాయి గొంతు, వెనకాల దారిన పోయే ట్రాక్టరు మోత.

"అవునండి, నిన్నే ప్రింటు తీసిచ్చానండి. ఎవరో పెద్దాయనండి. ఫ్లాపీ తెచ్చారండి, చొక్కా జేబులో ప్లాస్టిక్ కవర్లో చుట్టి. బల్ల మీద కూర్చుని మీరు రాసింది రెండుసార్లు చదివారండి."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదండి. 'ఇది రాసినాయన టిక్కీ తొక్కడం ఎప్పుడైనా చూశాడా అమ్మా' అనడిగారండి. నాకు తెలీదన్నానండి."

నేను మళ్లీ స్టేప్లరు అందుకున్నాను.

"ఆయనెవరు, ఎందుకు కావాలో అడిగావా?"

"అడిగానండి. 'చదువుకోడానికి' అన్నారండి. రేపు పొద్దున ఎనిమిదికల్లా మళ్లీ వస్తారంటండి, ఫ్లాపీ ఇక్కడే మర్చిపోయానని కబురు పంపారు. చొక్కా నిండా ఎర్ర దుమ్మండి."

ఫోన్ పెట్టగానే సార్ వేలు పైకెత్తారు. "ఎర్ర దుమ్ము! క్షేత్ర పరిశీలన! నేను చెప్పలా?"

"చదువుకోడానికి అన్నాడు సార్," అన్నాను నేను. "విద్యార్థే. కాస్త ఆలస్యంగా చేరుంటాడు."

"మీరిద్దరూ ఆయన్ని ఊహించడం ఆపండి," అంది మేడం. "ఎవరో తెలియదు. ఎందుకో తెలియదు. చెప్పడం ఆయనకి ఇష్టం లేదు కూడా. తెలియనప్పుడు ఎవరు చదివినా పనికొచ్చేలా రాయాలి. పేపరు ఏం అడిగింది, ఏం చేసింది, ఏం చూసింది, ఏం చూడలేదు. అంతే. ఏం చెయ్యాలో మనం చెప్పకూడదు, పేపరు చెప్పలేదు గనక."

"మరీ చప్పగా ఉంటుందేమో," అన్నాను.

"మిరపకాయల గురించే కదా. ఘాటు దానికుంది."

ఆ రోజు నేను మొదటిసారి ఒక పరిశోధన పత్రం పూర్తిగా చదివాను. డిగ్రీ చేతికొచ్చిన రెండేళ్లకి. సాయంత్రం దాకా రాశాం. మేడం చెప్పేది, నేను తెలుగు చేసేవాణ్ణి, ఆమె కొట్టేసేది. 'ఆర్ద్రత' అని రాస్తే 'తేమ' చేసింది. 'శిలీంధ్రం' అని రాస్తే 'బూజు' చేసి, పక్కన శిలీంధ్రం కూడా ఉంచమంది. "చదివేవాడు శాస్త్రం తెలిసినవాడైతే ఆ మాట వెతుక్కుంటాడు. తెలియనివాడికి బూజు చాలు. రెండూ ఉంటే ఎవరికీ నష్టం లేదు."

మొదట అసలు సంగతి నాలుగు వాక్యాల్లో రాశాం, మిగతాది చదవకుండా లేచిపోయినా తప్పుగా అర్థం కాకూడదని. నీళ్లు చల్లితే బూజు పెరిగింది. నేల మీద ఎండినవాటిలో నీళ్లు చల్లకపోయినా బూజు ఎక్కువగా ఉంది. రెండూ కలిసినచోట అన్నిటికన్నా ఎక్కువ. ఇది ఒక్క సీజనులో, ఒక్క చోట చూసిన సంగతి. దాని కింద నాలుగు కుప్పల పట్టిక, వాళ్ల అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా, ఏ పేజీలో ఉన్నాయో రాసి. దాని కింద బూజుకీ విషానికీ తేడా: బూజు కనిపించినంత మాత్రాన విషం ఉన్నట్టు కాదు, కనిపించనంత మాత్రాన లేనట్టూ కాదు, అది పరీక్షలోనే తేలుతుంది. దాని కింద పేపరు చూడని సంగతులు. కోల్డ్ స్టోరేజీ చూడలేదు. ఎంత నీళ్లు చల్లితే ఎంత పెరుగుతుందో చూడలేదు, ఒకే కొలత వాడారు. బూజు పట్టిన సరుకొకటి తెచ్చి ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి చెప్పే పద్ధతి ఏదీ ఇందులో లేదు.

ఆ చివరి వాక్యం దగ్గర నేను పెన్సిలు ఆపాను. "ఇదెవరికి కావాలి మేడం? ఎవరడుగుతారు?"

"ఎవరూ అడక్కపోవచ్చు. కానీ ఈ పేపరు చదివి అలా తేల్చేద్దామని ఎవరికైనా అనిపించవచ్చు. నీకే అనిపించిందిగా నిన్న."

అన్నిటికన్నా పైన ఆమె ఇంకో వాక్యం రాయించింది: 'నిన్న మేం పంపిన సారాంశంలో తప్పుంది. దాన్ని వాడవద్దు. తప్పు ఏమిటంటే...' అని.

సార్ కుర్చీలోంచి లేచారు. నలభై ఏళ్ల సర్వీసులో ఆయన అలాంటి వాక్యం కింద సంతకం పెట్టి ఉండరు.

"అమ్మా, తప్పు అని ఎందుకు? 'సవరించిన ప్రతి' అందాం. 'అదనపు సమాచారంతో' అందాం."

"అలా అంటే పాతది కూడా పనికొస్తుందనుకుంటారు సార్."

"హైదరాబాదు వాళ్లు చూస్తే?"

"చూస్తే మనం తప్పు చేసి దిద్దుకున్నామని చూస్తారు. దిద్దుకోకపోతే తప్పు చేశామని చూస్తారు."

సార్ కూర్చుని, తలమానికమైన మిరప సాగుని కనీసం చివర్లోనైనా పెట్టమని అడిగారు. పెట్టలేదు. చివర్లో పెట్టింది ఇంకోటి: 'మీరు ఇది దేనికి వాడదలిచారో చెబితే దానికి సంబంధించిన భాగం ఇంకా వివరంగా రాయగలం. చెప్పకపోయినా ఫరవాలేదు.'

మామూలుగా పంపితే మా తెలుగు అక్షరాలు కియోస్కులో గడులు గడులుగా పడేవి. అందుకని ఎప్పటిలాగే ప్రింటు తీసి, దాన్ని బొమ్మగా స్కాన్ చేసి పంపాం. టెలిఫోన్ తీగ మీద అది మెల్లగా వినుకొండ వైపు ప్రవహించింది. ఈసారి నేను టీకి వెళ్లలేదు. తెర ముందు కూర్చుని ఆ నీలం గీత జరగడం చూశాను.

తర్వాతి మంగళవారం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఒక పెద్దాయన తలుపు దగ్గర ఆగాడు. నెరిసిన మీసం, చొక్కా మడతల్లో ఎర్ర దుమ్ము. చేతిలో మా రెండు ప్రింటులూ ఉన్నాయి. సార్ చటుక్కున లేచి కుర్చీ చూపించారు.

"రండి సార్, రండి. హైదరాబాదు నుంచి ఎప్పుడొచ్చారు?"

"ఎక్కడి హైదరాబాదు బాబూ. నేను ముఠా మేస్త్రీని," అన్నాడాయన.

సార్ నిలబడినవారు నిలబడినట్టే ఉండిపోయారు. నేను కూడా నా కాలేజీ కుర్రాణ్ణి చివరిసారి చూసుకుని సాగనంపాను.

అప్పుడు చెప్పాడు ఇదంతా. బూజు, వ్యాపారి, శుక్రవారం. ఆ పేపరు వ్యాపారికి సరుకు కొనే కంపెనీ నుంచి వచ్చిందట. మొదటి పేజీ ప్రింటు తీసి ఊళ్లో అందరికీ చూపించాడట. "సైన్సు చెప్పింది, ఇంకేం కావాలి" అన్నాడట. ఏడో తరగతి దాకా చదివిన మేస్త్రీకి ఒక్క పేజీ మీద నమ్మకం కుదరక, మిగతాది కూడా ఇమ్మని గుమాస్తాని బతిమాలి ఫ్లాపీలో పెట్టించుకున్నాడు.

"మరి ఫారంలో ఎందుకో చెప్పలేదే?" అని మేడం అడిగింది.

"ఏం చెప్పమంటావమ్మా? కింద పురుగుమందుల కొట్టు, ఆ కొట్టాయన మా వ్యాపారికి తోడల్లుడు. పైన మీరు. నేను ఫలానా అని చెబితే వాళ్ల కోసమన్నా రాస్తారు, నా మీద జాలిపడి నా కోసమన్నా రాస్తారు. రెండూ నాకక్కర్లా. అందులో ఏముందో అదే కావాలనుకున్నా."

మా కొట్టాయన తోడల్లుడి సంగతి మాకు తెలియనే తెలియదు. తెల్లదోమ గురించి నెలల తరబడి మాట్లాడాను నేను ఆయనతో.

"శుక్రవారం ఏమైంది?"

"వ్యాపారి మీ మొదటి కాగితం చదివాడు."

"అది ఆయనకెలా దొరికింది?" అన్నాను.

"నేనే ఇచ్చా బాబూ. రెండూ ఇచ్చా. ఒకటి దాస్తే తర్వాత తెలీదూ? మొదటిది చదివి 'ఇంకేం, నిరూపించారంట' అన్నాడు. రెండోదాని మీద 'నిన్నటిది తప్పు' అని మీరే రాశారుగా, అది చదివించా. తర్వాత పట్టిక చదివించా. 'నేల మీద ఎండినవి' అనేసరికి అందరూ రైతు వంక చూశారు. ఈ ఏడాది ఆయన టార్పాలిన్లు పరవలా, ఊరందరికీ తెలుసు."

"అయితే మీరు గెలిచారన్నమాట!" అన్నాను సంతోషంగా.

మేస్త్రీ నన్ను జాలిగా చూశాడు. "ఎక్కడ గెలిచాం? 'నీళ్లు చల్లితే పెరిగింది' అని కూడా ఉందిగా అందులో. చల్లాం కదా మరి. చల్లమన్నది రైతే. ఎండు కాయ అప్పడంలా విరుగుద్ది, గింజ రాలుద్ది, అందుకు చల్లమంటారు. తూకం కూడా కాస్త కలిసొస్తది, ఆ మాట ఎవరూ పైకనరు. మీ కాగితం చివర్లో ఉందే, ఎక్కడ మొదలైందో ఈ పేపరు చెప్పలేదని, అక్కడ ఆగింది తగువు. ఇక ఎవర్నీ ఏమనటానికీ లేదు."

తేలింది ఇదీ. ముఠా ఉంటుంది. ఇక నుంచి టార్పాలిన్ లేని కల్లంలోకి ముఠా దిగదు. నీళ్ల బిందె కల్లం దగ్గరికి రాకూడదు. నీళ్లు లేక కాయ విరిగితే మాత్రం మేస్త్రీని అనకూడదు. ఆ చివరిది ఆయనే పట్టుబట్టి ఒప్పించుకున్నాడట.

చెప్పడం అయ్యాక మొదటి ప్రింటు బల్ల మీద పరిచాడు.

"ఇది రాసిందెవరు?"

సార్ కిటికీలోంచి బయటికి చూశారు. మేడం పీడీఎఫ్ చూసింది. నేను చెయ్యెత్తాను, బడిలో లాగా.

"ఆదివారం ఖాళీయేనా బాబూ?"

ఖాళీ కాదని చెప్పడానికి నా దగ్గర చాలా కారణాలున్నాయి. ఖాళీయేనన్నాను.

ఆదివారం పొద్దున నేను వినుకొండ బస్సెక్కాను. కల్లం నిండా నీలం టార్పాలిన్లు, వాటి మీద ఎర్రగా కాయలు. ముఠా ఆడవాళ్లు తెల్లబారిన తాలు కాయలు ఏరుతున్నారు. నన్ను చూసి ఒకామె "ఈయనేనా వదినా 'నిరూపించారు' రాసింది?" అని పక్కామెని అడిగింది. "ఈయనేనంట. చూస్తే అంత నిరూపించేవాడిలా లేడే" అందామె.

మేస్త్రీ ఒక ఖాళీ టిక్కీ నోరు తెరిచి పట్టుకున్నాడు. ముక్కుకి తుండుగుడ్డ కట్టుకుని ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి దిగాను. నడుం దాకా గోనె. పై నుంచి కాయలు పోశారు. "తొక్కు బాబూ, మెల్లగా, మడమతో కాదు" అన్నాడు. నేను మడమతోనే తొక్కాను. కాళ్ల కింద కాయలు పటపటా విరిగాయి. మొదటి తుమ్ము అక్కడే వచ్చింది. తర్వాతివి లెక్కపెట్టడం ముఠావాళ్లు చూసుకున్నారు.

"చూశావా, నీళ్లు లేకపోతే ఇట్టాగుంటది," అన్నాడు మేస్త్రీ.

"చూశానండి."

"మీ మేడంగారికి చెప్పు. ఇది ఆ పేపర్లో లేదు."

నిజమే. పదకొండు పేజీల్లో ఎన్ని కాయలు విరిగాయో ఎక్కడా లెక్క లేదు. ఆ సాయంత్రం కళ్లు మండుతూ, కాలి వేళ్ల మధ్య మంటతో గుంటూరు వచ్చాను. సోమవారం మేడం అడక్కుండానే, పేపరు చూడని సంగతుల కింద ఇంకో వాక్యం చేర్చి మా ఫైల్లో పెట్టాను: 'నీళ్లు చల్లకుండా నింపితే కాయ ఎంత విరుగుతుందో ఇందులో చూడలేదు.' ఇంకా వదలని కారం చేతులతో టైపు చేశాను, తర్వాత మర్చిపోయి కళ్లు నులుముకున్నాను.